ఒక టీఎంసీ అంటే ఎన్ని ట్యాంకర్లు? సభలో పెద్ద అంకెను ఎలా చెప్పాలి?

మల్కాజిగిరి_రమణ:
మొన్న ఆదివారం మా కాలనీ హాల్లో నీళ్ళ మీద అరగంట మాట్లాడాను. వాన నీళ్ళను సంపుల్లోకి, ఇంకుడు గుంతల్లోకి మళ్ళించాలని చెప్పడం నా ఉద్దేశం. "ఒక టీఎంసీ అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 56 లక్షలు" అన్నాను. హాలు ఊగిపోతుందనుకున్నా. ముందు వరుసలో ఒక పెద్దాయన "అయితే అది ఎక్కువా తక్కువా బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పెద్ద అంకెను తెలిసిన వస్తువుతో పోల్చి చెప్పడం నిజంగా పనికొస్తుందా, అంకె చెప్పి ఊరుకోవడమే మేలా? పోలిస్తే దేనితో పోల్చాలి? రెండు వారాల్లో పక్క కాలనీలో మళ్ళీ మాట్లాడాలి.

చార్మినార్_చిన్నా:
అన్నా, నువ్వు సగంలో ఆపేశావ్. 56 లక్షల ట్యాంకర్లను బంపర్‌కు బంపర్ ఆనించి నిలబెట్టాలి. ఒక్కోటి ఆరు మీటర్లనుకో, 34 వేల కిలోమీటర్లు. మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు కదా, దాని మీద 215 చుట్లు. ఇది చెప్పు, జనం నోరెళ్ళబెడతారు.

గేజ్_రీడర్:
నోరెళ్ళబెట్టాక ఏం చేస్తారు?

నేను నీటిపారుదల శాఖలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. టీఎంసీ అంటే టీఎంసీయే, వంద కోట్ల ఘనపుటడుగులు. దాన్ని ట్యాంకర్లుగా, రోడ్లుగా మార్చినప్పుడల్లా ఏదో ఒక తప్పు దూరుతుంది. "వెయ్యి మిలియన్" అనే మాట విని వెనకాల లీటర్లు తగిలించుకునేవాళ్ళను లెక్కలేనంతమందిని చూశాను. ఒక ఘనపుటడుగులో 28 లీటర్లకు పైగా పడతాయి. అంటే ఆ ఒక్క పొరపాటుతో లెక్క 28 రెట్లు తగ్గిపోతుంది. ఒకసారి ఒక పెద్ద సభలో వేదిక మీదున్నాయన ఇదే తప్పుతో నగరానికి రోజుకు ఎంత నీళ్ళు కావాలో చెప్పేశాడు. నేను లేచి సరిచేస్తే కూర్చోమన్నారు. మర్నాడు పేపర్లో ఆయన లెక్కే వచ్చింది.

రమణ గారూ, మీ 56 లక్షలు మాత్రం సరైనదే. ఒక టీఎంసీ సుమారు 2,831 కోట్ల లీటర్లు. 5 వేలతో భాగిస్తే 56 లక్షల 60 వేలు వస్తుంది. కానీ సరైన లెక్క చెప్పినా మీ పెద్దాయనకు ఏం తెలిసింది?

ఉప్పల్_సుజాత_టీచర్:
సార్ చివరి వాక్యంతో నేను ఏకీభవిస్తాను, మొదటిదానితో కాదు. పోల్చడం తప్పు కాదు, ఎంచుకున్న వస్తువు తప్పు. ట్యాంకర్ అందరికీ తెలుసు. కానీ 56 లక్షల ట్యాంకర్లు ఎవరికి తెలుసు? ఊహించలేని ఒక అంకెను తీసి, ఊహించలేని మరో అంకెను పెట్టారు. చిన్నా చెప్పిన 34 వేల కిలోమీటర్లు కూడా అంతే. అది భూమి చుట్టుకొలతకు కాస్త తక్కువ. భూమి చుట్టూ తిరిగొచ్చినవాళ్ళు మీ హాల్లో ఎంతమంది ఉన్నారు?

నేను పాటించేది ఒకటే. వినేవాడి చేతికి అందే అంకె రావాలి, అది కూడా అదే జాతి కొలతలో రావాలి. నీళ్ళను నీళ్ళ వాడకంతో పోల్చాలి, రోడ్డు పొడవుతో కాదు.

చార్మినార్_చిన్నా:
సరే మేడమ్, రోడ్డు వద్దు. పెట్టె చెప్పనా? వెయ్యి అడుగుల పొడవు, వెయ్యి వెడల్పు, వెయ్యి ఎత్తున్న పెట్టె కడితే అందులో సరిగ్గా ఒక టీఎంసీ పడుతుంది. ఎత్తు అయిదున్నర చార్మినార్లు. సున్నాలు కూడా చక్కగా కలుస్తాయి. దీనికైనా ఒప్పుకుంటారా?

పాతబస్తీ_ఫరీద్:
అయిదున్నర ఎట్లా భాయ్? చార్మినార్ 160 అడుగులు. ఆరుకు పైనే అవుతుంది.

చార్మినార్_చిన్నా:
184 అడుగులు. ఎక్కడ చూసినా అదే రాసుంటుంది.

పాతబస్తీ_ఫరీద్:
నేను దాని నీడలో పెరిగినోణ్ణి. మాకు చిన్నప్పటి నుంచి చెప్పింది 160.

గేజ్_రీడర్:
చూశారా. పోలికకు తెచ్చిన కొలబద్దే ఎంతో తేలలేదు, దానితో నీళ్ళు కొలుస్తున్నాం.

ఉప్పల్_సుజాత_టీచర్:
ఆ గొడవ పక్కన పెట్టినా పెట్టెతో ఇంకో చిక్కుంది. చిన్నా లెక్క తప్పు కాదు, వెయ్యి అడుగుల పెట్టెలో కచ్చితంగా ఒక టీఎంసీ పడుతుంది. కానీ వినేవాడి మనసులో పెట్టె చిన్నదైపోతుంది. "ఓస్, మా కాలనీలో ఇమిడిపోయేటంతేనా" అనుకుంటాడు. భుజం రెట్టింపైతే పరిమాణం ఎనిమిది రెట్లవుతుందని మన కన్ను ఒప్పుకోదు. పొడవులను బాగానే అంచనా వేస్తాం, ఘనపరిమాణాల దగ్గర మోసపోతాం.

హుస్సేన్ సాగర్‌తో పోల్చినా ఇదే జరుగుతుంది. దాని విస్తీర్ణం 5.7 చదరపు కిలోమీటర్లని రాస్తారు. ఆ లెక్కన అంత మేర 16 అడుగుల ఎత్తున నీళ్ళు నిలబెడితే ఒక టీఎంసీ. కానీ ట్యాంక్‌బండ్ మీద నిలబడ్డవాడికి కనిపించేది పై నీళ్ళే కదా. మా తొమ్మిదో తరగతి పిల్లలను సాగర్ లోతెంత అని అడిగితే "బుద్ధుడి పీఠం అంత" నుంచి "వంద అడుగులు" దాకా చెప్పారు. రోజూ చూసే చెరువే అయినా, దాన్లో నీళ్ళెన్నో మనకు తెలిసినట్టు కాదు.

కీసర_నర్సింహ:
ఇక్కడ ట్యాంకర్ల గురించి మాట్లాడుతున్నారని వచ్చాను. మా గల్లీకి ట్యాంకర్ బుక్ చేసి మూడు రోజులైంది. ఫోన్ చేస్తే లైన్లో ఉందంటారు. ఎవరికైనా ప్రైవేటు ట్యాంకర్ నంబరు తెలుసా?

నిర్వాహకుడు:
నర్సింహ గారూ, ఇది ఆ చర్చ కాదు. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి.

మల్కాజిగిరి_రమణ:
టీచర్ గారూ, మరి చేతికి అందే అంకె ఏదో చెప్పండి.

ఉప్పల్_సుజాత_టీచర్:
నగరంలో మీటరున్న ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం కదా. 2021 నుంచి ఈ అంకె జనం నోళ్ళలో ఉంది. 20 దాటితే బిల్లు వస్తుంది కాబట్టి మీ హాల్లో ఉన్నవాళ్ళంతా దాన్ని గుర్తుపెట్టుకుని ఉంటారు. దాన్నే కొలబద్ద చేసుకోండి.

2,831 కోట్ల లీటర్లను 20 వేలతో భాగిస్తే సుమారు 14 లక్షల 16 వేలు. అన్ని లక్షల ఇళ్ళకు ఒక నెల సరిపోతుందన్నమాట. 12తో భాగిస్తే లక్షా 18 వేల ఇళ్ళకు ఏడాది పొడుగునా సరిపోతుంది. "ఉచిత కోటా పూర్తిగా వాడుకునే లక్షా 18 వేల ఇళ్ళకు ఒక ఏడాది నీళ్ళు" అని చెప్పండి. ఇందులో వినేవాడు ఊహించాల్సింది ఒక ఇల్లు, ఒక ఏడాది. రెండూ అతనికి తెలుసు.

పని చేసిందో లేదో అక్కడికక్కడే పరీక్షించవచ్చు. చెప్పిన వెంటనే "మరి రెండు టీఎంసీలైతే, ఆరు నెలలకైతే?" అని అడగండి. నోటితో లెక్క కట్టి నాలుగు లక్షల డెబ్భై వేల దగ్గర్లో ఎవరైనా చెప్తే పోలిక అర్థమైనట్టు. "అబ్బో" అని ఊరుకుంటే మీరు గారడీ చేశారన్నమాట.

గేజ్_రీడర్:
లెక్క చూశాను. 1,17,986. మీరు లక్షా 18 వేలు అన్నారు, పర్లేదు.

కానీ టీచర్ గారూ, జలాశయంలోని టీఎంసీ కుళాయి దగ్గర టీఎంసీ కాదు. ఎండకు ఆవిరవుతుంది, పంపింగ్ లైన్లలో పోతుంది, వీధి పైపుల్లో కారుతుంది. మీరు డ్యామ్‌లో ఉన్న నీళ్ళను ఇంటి మీటరుతో భాగించారు. మధ్యలో వందల కిలోమీటర్ల పైపులున్నాయి. మీ లక్షా 18 వేల ఇళ్ళలో కొన్ని వేల ఇళ్ళకు చుక్క చేరదు. చిన్నపిల్లల భాగహారం సభలో చెప్తే ఇలాగే ఉంటుంది.

ఉప్పల్_సుజాత_టీచర్:
"నష్టాలు లెక్కేయకుండా" అని రెండు మాటలు కలిపితే చాలు. దానికోసం పోలికనే పారేయమంటారా?

గేజ్_రీడర్:
సభలో ఆ రెండు మాటలు ఎవరికీ వినబడవు. లక్షా 18 వేలే ఇంటికి వెళ్తుంది.

తార్నాక_విజయ్:
గండిపేటతో చెప్తే పోలా? గండిపేట అంటే ఉస్మాన్ సాగరే, నిండితే 3.9 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే గండిపేటలో పావు వంతు. చిన్నప్పుడు మా నాన్న అనేవాడు, గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని. మల్కాజిగిరి పెద్దాయనకు ఇదే ఎక్కుతుంది.

గేజ్_రీడర్:
ఈ పోలిక నాకు నచ్చింది. నీళ్ళను నీళ్ళతోనే పోల్చారు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. "నాలుగో వంతు ఎత్తు" అని మాత్రం అనకండి. చెరువు అడుగున ఇరుకు, పైన వెడల్పు. పైన ఒక అడుగు తగ్గితే పోయే నీళ్ళు, అడుగున ఒక అడుగు తగ్గితే పోయేదానికి ఎన్నో రెట్లు. సగం ఎత్తు నీళ్ళున్నాయంటే సగం నీళ్ళున్నాయని కాదు. అందుకే మేము ప్రతి అడుగు మట్టానికి ఎన్ని నీళ్ళో పట్టిక పెట్టుకుంటాం.

గచ్చిబౌలి_కొత్తోడు:
నేను వచ్చి మూడేళ్ళయింది. గండిపేట ఎటువైపో తెలియదు సార్. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది నాలాంటివాళ్ళే.

నల్గొండ_రైతుబిడ్డ:
ఇందాకటి నుంచి చూస్తున్నా. ట్యాంకర్లు, ఫ్లాట్లు, కోటా. మా వైపు ఒక టీఎంసీ అంటే పదివేల ఎకరాలు అంటారు. ఇది ఎవరికీ గుర్తు రాలేదు. ఆ నీళ్ళు కృష్ణలోంచి మా మీదుగానే కదా మీకొచ్చేది?

గేజ్_రీడర్:
పదివేల ఎకరాలు ఆరుతడి పంటకు. వరికి అంత రాదు.

నల్గొండ_రైతుబిడ్డ:
వరికి ఎంతొస్తుందో మా నాన్నకు తెలుసు సార్. నేనడిగింది అది కాదు. "లక్షా 18 వేల ఇళ్ళు" అంటే వినేవాళ్ళు అయ్యో పాపం, ఇవ్వాల్సిందే అనుకుంటారు. "పదివేల ఎకరాలు ఎండుతాయి" అంటే వేరేలా అనుకుంటారు. నీళ్ళు అవే. కొలబద్ద ఎంచుకున్నవాడు ఎవరికివ్వాలో కూడా తేల్చేసినట్టే కదా.

ఉప్పల్_సుజాత_టీచర్:
రమణ గారు మాట్లాడింది కాలనీలో, కాలనీవాళ్ళ ముందు. అక్కడ ఎకరాలు చెప్తే ఎవరికి తెలుస్తుంది? మీరు దీన్ని రాజకీయం చేస్తున్నారు. ఇక గేజ్ రీడర్ గారు, మీరు మాత్రం మొదటి నుంచీ ఒకటే పాట. అంకెలు ఎవరికీ అర్థం కాకుండా ఉంటేనే మీ శాఖకు సుఖం. క్యూసెక్కులు, టీఎంసీలు, అడుగుల మట్టాలు. అర్థమైతే జనం అడుగుతారని భయం.

గేజ్_రీడర్:
భయమా? సరే, చెప్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిజర్వాయరు కోసం ప్రజాభిప్రాయ సభ పెట్టారు. ఎక్కడని చెప్పను. ఒక పెద్ద అధికారి లేచి, మీ టీచర్లకంటే చక్కగా చెప్పాడు. "మునిగే భూమి మొత్తం జిల్లా విస్తీర్ణంలో అర శాతం కూడా కాదు. రూపాయిలో అర పైసా" అన్నాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి చూపించాడు. అందరికీ అర్థమైంది. కొంతమంది నవ్వారు కూడా. అర పైసాకు ఇంత గొడవేమిటని.

ఆ అర పైసాలో మా అమ్మమ్మ ఊరుంది. లెక్క తప్పేం కాదు. నేనే సర్వే చేశాను, నా సంతకమే ఉంది. ఆ రోజు నేను వేదిక పక్కన పటం పట్టుకుని నిలబడ్డాను. లేచి సరిచేయడానికి అందులో తప్పు లేదు.

అందుకే అంకె చెప్పండి, యూనిట్ చెప్పండి, ఆపేయండి అంటాను.

తార్నాక_విజయ్:
సార్...

ఉప్పల్_సుజాత_టీచర్:
క్షమించండి సార్. భయం అన్న మాట నేను అనకుండా ఉండాల్సింది.

కానీ ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. ఆయన రూపాయి తీయకుండా, ఇన్ని వేల ఎకరాలు అని చదివి కూర్చుంటే మీ ఊరు మిగిలేదా? ఎకరాల అంకె విని కూడా జనం తలూపి వెళ్ళిపోయేవాళ్ళే కదా. ఆయన జిల్లాతో భాగించాడు. అప్పుడు ఎవరో ఒకరు లేచి "మా ఊరి సాగుభూమితో భాగించండి, ఎంత శాతం వస్తుందో చెప్పండి" అనాల్సింది. దేనితో భాగిస్తున్నాడో పట్టుకోవడం జనానికి నేర్పకపోతే, రూపాయి బిళ్ళలు చూపించేవాళ్ళు చూపిస్తూనే ఉంటారు.

గేజ్_రీడర్:
మా ఊరి సాగుభూమితో భాగిస్తే నూటికి నూరు.

ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నల్గొండ_రైతుబిడ్డ:
నేను అన్నదీ అదే మేడమ్. నాది రాజకీయం కాదు. రెండూ చెప్పమంటున్నా, ఇళ్ళూ ఎకరాలూ.

ఉప్పల్_సుజాత_టీచర్:
రెండూ చెప్తే సభలో రెండూ గుర్తుండవు తమ్ముడూ. అది కూడా నిజమే. ఎకరాల పోలిక ఉందని మాత్రం ఒప్పుకుంటాను. కాలనీలో చెప్పాలా వద్దా అన్నదాంట్లో నా మాట మార్చుకోను.

చార్మినార్_చిన్నా:
సీరియస్ అయిపోయింది. రమణన్నా, ఇంతకీ నీకు టీఎంసీ ఎందుకు కావాల్సి వచ్చింది? నీ కాలనీలో టీఎంసీ ఏం లేదుగా?

మల్కాజిగిరి_రమణ:
నిజమే చిన్నా. పెద్ద అంకె చెప్తే పెద్ద విషయంలా ఉంటుందనుకున్నా. నేను చెప్పాలనుకున్నది వాన నీళ్ళ గురించి.

ఉప్పల్_సుజాత_టీచర్:
అయితే కింది నుంచి మొదలుపెట్టండి. మీ కాలనీలో ఇళ్ళు ఎన్నేసి గజాలు?

మల్కాజిగిరి_రమణ:
ఎక్కువ 120 గజాలవే. నాదీ అంతే. స్థలం మొత్తం కప్పేసి కట్టారు.

ఉప్పల్_సుజాత_టీచర్:
120 గజాలంటే దాదాపు వంద చదరపు మీటర్లు. కప్పు కూడా అంతే అనుకుందాం. వంద చదరపు మీటర్ల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే మీ కప్పు మీద ఏడాదికి 80 వేల లీటర్లు. నెలకు 20 వేలు లెక్కన నాలుగు నెలల కోటా మీ నెత్తిమీదే పడుతోంది. పెద్దాయన ఇక ఎక్కువా తక్కువా అని అడగరు, ఆయనే చెప్తారు.

టీఎంసీ చెప్పాలనే ఉంటే అక్కడి నుంచి పైకి వెళ్ళండి. ఇలాంటి కప్పులు మూడున్నర లక్షలు కలిస్తే ఒక టీఎంసీ.

గేజ్_రీడర్:
లెక్క సరిపోయింది. మూడు లక్షల 54 వేలు.

రెండు మాటలు చెప్పాలి. 80 వేలు పడేది, పట్టుకునేది కాదు. మొదటి వాన దుమ్ముతో వస్తుంది, దాన్ని వదిలేయాలి. పైగా మనకు వాన ఏడాదంతా సమానంగా పడదు, ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఒక గట్టి వానలో 50 మిల్లీమీటర్లు పడితే ఆ కప్పు నుంచి 5 వేల లీటర్లు ఒక్కసారే దిగుతాయి. సంపు అప్పటికే నిండి ఉంటే రోడ్డు పాలే. కాబట్టి "నాలుగు నెలల నీళ్ళు మీకు వస్తాయి" అనకూడదు. "పడతాయి" అనాలి. వస్తాయి అంటే రేపు ఎవరో ఒకరు గుంత తవ్వించి, మార్చిలో మిమ్మల్ని నిలదీస్తారు.

మల్కాజిగిరి_రమణ:
ఇలా రాసుకున్నాను: "120 గజాల ఇంటి కప్పు మీద ఏడాదికి సుమారు 80 వేల లీటర్ల వాన పడుతుంది. మన ఉచిత కోటా లెక్కలో అది నాలుగు నెలలది. అందులో మీరు ఎంత పట్టుకుంటారన్నది మీ సంపును బట్టి, మీ గుంతను బట్టి." టీఎంసీ తీసేశాను.

నల్గొండ_రైతుబిడ్డ:
తీసేస్తే ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న మాటే పోతుంది కదన్నా.

మల్కాజిగిరి_రమణ:
దాని మీద విడిగా మాట్లాడతాను తమ్ముడూ. ఒకే సభలో అన్నీ పట్టవు.

నల్గొండ_రైతుబిడ్డ:
ఎప్పుడూ ఆ సభ తర్వాతే ఉంటుంది.

గేజ్_రీడర్:
"సుమారు" అన్న మాటను గట్టిగా పలకండి రమణ గారూ. మింగేయకండి.

పాతబస్తీ_ఫరీద్:
160 అడుగులే.

కీసర_నర్సింహ:
5 వేల లీటర్లు ఒక్క వానలో దిగుతాయన్నారు కదా, అది ఒక ట్యాంకర్. నా ట్యాంకర్ ఇంకా రాలేదు. నాలుగో రోజు.